‘ఆపింది’ అనాలా, ‘ఆగి ఉన్నాయి’ అనాలా?

సుజాత: ప్రాజెక్టు కోఆర్డినేటర్‌గా చేస్తున్నాను. వేరే టీమ్ ఇవ్వాల్సిన టెస్ట్ డేటా రాక వారం రోజులుగా మాకు మూడు పనులు కదలడం లేదు. వాళ్ల మేనేజర్‌కు ఇలా రాశాను: "మీ టీమ్ టెస్ట్ డేటా ఇవ్వకుండా మా మూడు పనులను ఆపింది. దయచేసి వీలైనంత త్వరగా చూడగలరు." కటువుగా ఉందా?

శ్రీధర్: ఉంది. ‘మీ టీమ్’ తీసేసి "టెస్ట్ డేటా అందించబడలేదు" అనండి. ఎవరినీ వేలెత్తి చూపినట్టు ఉండదు.

పద్మజ: నింద వద్దన్నది సరే శ్రీధర్ గారూ. కానీ ‘అందించబడలేదు’ అంటే ఇవ్వాల్సింది ఎవరో కూడా మాయమవుతుంది. అది తన పనే అని ఆ మేనేజర్‌కు ఎలా తెలుస్తుంది? ‘ఇవ్వకుండా ఆపింది’లో కావాలని చేశారన్న ధ్వని ఉంది, గొడవంతా అక్కడే. ‘డేటా రాక ఆగి ఉన్నాయి’ అంటే చాలు. ఎవరి మీదా నింద పడదు, ఇప్పటికీ అలాగే ఉన్నాయన్న సంగతీ తెలుస్తుంది.

రవి: మాకూ ఇలాగే అయింది. ఎన్ని మెయిళ్లు పెట్టినా జవాబు లేదు. పైవాళ్లను సీసీలో పెట్టగానే పని అయిపోయింది. ముందు అది చేయండి.

పద్మజ: ఆవిడ అడిగింది వాక్యం గురించి రవి గారూ. ఇక ‘చూడగలరు’ దగ్గర నాకు అభ్యంతరం ఉంది. ఆయన చూస్తారు, చూసి ఊరుకుంటారు. ఏం కావాలో, ఎప్పటికి కావాలో ప్రశ్నగా అడిగితే అవుననో కాదనో చెప్పక తప్పదు. తేదీలు, పనుల పేర్లు నేను ఊహించి పెట్టినవి, మీవి వేసుకోండి. నేనైతే ఇలా రాస్తాను:

"3వ తేదీన మీ టీమ్ నుంచి రావాల్సిన టెస్ట్ డేటా ఇంకా మాకు అందలేదు. దానివల్ల పేమెంట్ స్క్రీన్ టెస్టింగ్, రిపోర్టుల తనిఖీ, యూజర్ ట్రైనింగ్ ఏర్పాట్లు వారం రోజులుగా ఆగి ఉన్నాయి. ట్రైనింగ్ 16న మొదలవ్వాలి. 12వ తేదీ సాయంత్రం 4 గంటలకల్లా డేటా ఇప్పించగలరా? మొత్తం కుదరకపోతే ముందు 50 రికార్డులు ఇచ్చినా స్క్రీన్ టెస్టింగ్ మొదలుపెడతాం. ఏది వీలవుతుందో ఈరోజే చెప్పండి."

సుజాత: ‘ఇప్పించగలరా’ బాగుంది, ఆయన స్వయంగా ఇచ్చేది కాదు కదా. గంట లేకుండా ‘12వ తేదీ లోపు’ అంటే?

శ్రీధర్: అప్పుడు 12 కలవదు. 11తోనే గడువు అయిపోతుంది.

రవి: మా ఆఫీసులో 12 కూడా కలుపుకొనే లెక్క.

పద్మజ: ఇద్దరూ చెప్పే వాడుకలు విన్నాను. అందుకే ‘4 గంటలకల్లా’ అన్నాను.

సుజాత: ఆ డేటా తయారుచేసే అబ్బాయి పేరు రాయాలా?

పద్మజ: వద్దు. మేనేజర్‌కు రాసేటప్పుడు కింది మనిషి పేరు పెడితే ‘మీ టీమ్ ఆపింది’ కంటే గట్టిగా తగులుతుంది.

శ్రీధర్: పేరు లేకపోతే ఆయన ఎవరిని అడగాలి? కనీసం టాస్క్ నంబరైనా ఇవ్వండి.