అప్‌డేట్: సందులో పీఎం 2.5 రోడ్డు కంటే ఎక్కువ రావడానికి కారణం తేలింది

నా పాత ప్రశ్న: "గాలిలోని సన్నని ధూళిని కొలిచే పీఎంఎస్ 5003 సెన్సర్లు రెండు పెట్టాం. రద్దీ రోడ్డు కంటే వాహనాలు తిరగని సందులోనే పీఎం 2.5, అంటే 2.5 మైక్రాన్లు లేదా అంతకంటే చిన్న కణాల మోతాదు, ఎక్కువ వస్తోంది. ఎందుకు?"

సమాధానాలిచ్చిన అందరికీ ధన్యవాదాలు. రెండింటినీ ఒకేచోట పెట్టి పోల్చమన్న సలహాతోనే విషయం తేలింది. ఒకే గోడకు, ఒకే ఎత్తులో వారం పాటు పక్కపక్కన ఉంచితే, సందు సెన్సర్ గంట సగటుల్లో నిలకడగా 20 శాతం ఎక్కువ చూపింది. రోడ్డుది 40 అంటే ఇది 48. తేడా గాలిలో కాదు, సెన్సర్‌లోనే ఉంది. సందు రీడింగులను 1.2తో భాగించాక లెక్క తిరగబడింది. ఇంతకుముందు ఘనపు మీటరుకు సందులో 42 మైక్రోగ్రాములు, రోడ్డు మీద 38 ఉండేవి. ఇప్పుడు సందు 35, రోడ్డు 38. ఆ తర్వాత సెన్సర్ల చోట్లు మార్చి, అదే సవరణతో చూసినా రోడ్డుదే పైచేయి. ఈ చివరి తనిఖీ మాత్రం ఎవరూ వదలొద్దు.

తేమ కారణం కాదు. తేమ బాగా పెరిగితే కణాలు నీరు పీల్చి ఉబ్బి రీడింగ్ పెరిగే మాట నిజమే. కానీ రెండు చోట్లా తేమ దాదాపు ఒకటే కాబట్టి పోలిక మారలేదు.

తేడా 3 మైక్రోగ్రాములే ఏమిటని అడగొచ్చు. పీఎం 2.5లో చాలా భాగం ఊరంతా పరుచుకుని ఉండేదే. పైగా కాంతి చెదరడాన్ని బట్టి కొలిచే ఈ సెన్సర్‌కు 0.3 మైక్రాన్ల కంటే చిన్న కణాలు సరిగా కనబడవు. అప్పుడే వెలువడిన వాహనాల పొగలో సంఖ్యాపరంగా ఎక్కువ కణాలు 0.1 మైక్రాన్ కంటే చిన్నవి. రోడ్డు ప్రభావం స్పష్టంగా తెలియాలంటే రెండు చోట్లా గాలిలోని వాయువును పీల్చుకునే చిన్న గొట్టాలైన డిఫ్యూజన్ ట్యూబులు పెట్టి, వాహనాల పొగ వల్ల పెరిగే నైట్రోజన్ డయాక్సైడ్ కూడా కొలవండి.