ఉక్కు గోళం ఆలస్యం లెక్క కంటే ఎక్కువ వస్తోంది, తేడా ఎక్కడ?

గోళం_ప్రశ్న: చాంబర్‌లో గాలి ఉష్ణోగ్రత 40 డిగ్రీల చుట్టూ 10 డిగ్రీలు పైకీ కిందికీ ఊగుతోంది, పీరియడ్ గంట. లోపల 30 మి.మీ. ఉక్కు గోళం వేలాడుతోంది. మధ్యకు రంధ్రం వేసి ప్రోబ్ పెట్టాను. నాలుగైదు సైకిళ్లు పోయాక చూస్తే గోళం ఊపు 5.1 డిగ్రీలు, గాలి పీక్ తర్వాత 11 నిమిషాల 40 సెకన్లకు దాని పీక్. ఫార్ములాతో ఆంప్లిట్యూడ్ సరిపోతోంది, ఆలస్యం సరిపోవడం లేదు. గాలికీ గోళానికీ మధ్య వేడి బదిలీ గుణకం h సుమారు 20 అనుకున్నాను.

తాపమాని: ఆలస్యం అంటే టైమ్ కాన్‌స్టంటే కదండీ. h 20 అయితే τ 936 సెకన్లు, అంటే 15.6 నిమిషాలు. మీకు 700 సెకన్లే వచ్చింది కాబట్టి మీ h 20 కాదు, 27 దాకా ఉంది. ఫ్యాన్ గాలి మీరు అనుకున్నదానికన్నా గట్టిగా కొడుతోంది. ఇందులో పెద్ద చిక్కేమీ లేదు.

వేణి_థర్మల్: తాపమాని గారూ, గంట పీరియడ్‌లో గాలితో మాత్రమే వేడి ఇచ్చిపుచ్చుకునే గోళం 15.6 నిమిషాలు వెనకబడడం కుదరదు. ఆలస్యం ఎంత పెరిగినా పావు పీరియడ్ దాటదు, అంటే 15 నిమిషాల లోపే. లెక్క ఇదీ:

```
τ = ρcD/(6h) = 7800·480·0.030/(6·20) = 936 s
ω = 2π/3600 = 0.001745 rad/s,  ωτ = 1.634
amplitude = 10/√(1 + 1.634²) = 5.2
lag = arctan(1.634)/ω = 585 s
```

585 సెకన్లంటే 9 నిమిషాల 45 సెకన్లు. ప్రశ్న వేసినవారు చెబుతున్న తేడా దీనికీ 700కీ మధ్య ఉన్నది.

రేడియన్: arctan డిగ్రీల్లో తీసి ω తో భాగిస్తే తొమ్మిది గంటలు దాటుతుంది. అది మాత్రం జరగలేదులెండి.

తాపమాని: ఉష్ణోగ్రత ఒకే వేగంతో పెరుగుతుంటే ప్రోబ్ సరిగ్గా τ వెనక నడుస్తుంది. ఇది ఎవరైనా కాదనగలరా? మా దగ్గర ఆడిట్‌లో ఇదే arctan చూపించి నా రిపోర్టు వెనక్కి పంపారు. తిరిగి రాయమన్నారు గానీ τ వాడితే తప్పేమిటో ఒక్కరూ చెప్పలేదు.

వేణి_థర్మల్: ర్యాంప్‌కు మీ మాట పూర్తిగా నిజం. సైన్‌కు కూడా, ఊగడం బాగా నెమ్మదిగా ఉండి ωτ చాలా చిన్నదైతే, ఆలస్యం దాదాపు τ యే. ఇక్కడ ωτ 1.6. గాలి పైకి వెళ్లి తిరిగి దిగిపోయేలోపు గోళానికి అందుకునే వ్యవధి లేదు. అందుకే 936 కాస్తా 585 అయింది.

మొదటిపీక్: ఏ పీక్ చూశారు? గోళం 40 దగ్గర మొదలైతే మొదటి పీక్ 46.2 దాకా పోతుంది, ఆలస్యం 520 సెకన్లే వస్తుంది. మొదటి సైకిల్ తీసేయాలి.

గోళం_ప్రశ్న: నాలుగో సైకిల్ తర్వాతివే తీసుకున్నానండి.

వేణి_థర్మల్: ట్రాన్సియెంట్ మీద అనుమానం వద్దు. అది గంటలో 2 శాతానికి పడిపోతుంది. అసలు ఫార్ములా పక్కన పెట్టి గ్రాఫ్ మీద ఒక్క చోట చూడండి. గోళం పీక్ దగ్గర దాని ఉష్ణోగ్రత పెరగడం ఆగుతుంది. అంటే ఆ క్షణంలో వేడి లోపలికీ వెళ్లడం లేదు, బయటికీ రావడం లేదు. గాలి ఒక్కటే పరిసరం అయితే అప్పుడు గోళం, గాలి ఒకే ఉష్ణోగ్రతలో ఉండి తీరాలి. h ఎంతైనా సరే, గోళం గీత పీక్ సరిగ్గా గాలి గీత మీదే పడాలి. మొదటిపీక్ గారు చెప్పిన 46.2 కూడా గాలి గీత మీదే ఉంటుంది, వేసి చూడండి.

ఇప్పుడు మీ కొలత. గాలి పీక్ అయిన 700 సెకన్లకు గాలి 43.4. గోళం చూపుతున్నది 45.1. అప్పటికి గాలి 1.7 డిగ్రీలు చల్లబడి ఉన్నా గోళం ఇంకా పెరుగుతూనే వచ్చిందన్నమాట. h మార్చి దీన్ని సరిచేయలేరు. ఆంప్లిట్యూడ్ నుంచి τ లాగితే 966, ఆలస్యం నుంచి లాగితే 1574. ఒకే గోళానికి రెండు τ లు ఉండవు.

నల్లఉక్కు: గోడల రేడియేషన్ మరిచారు. గోళం ఆక్సైడ్ పట్టి నల్లగా ఉంటే 40 డిగ్రీల దగ్గర రేడియేషన్ వాటా 5, 6 దాకా ఉంటుంది, మీ 20 లో పావు వంతుకు పైగా. గోడలు గాలి కంటే ఆలస్యంగా వేడెక్కుతాయి కాబట్టి గోళాన్నీ వెనక్కి లాగుతాయి.

వేణి_థర్మల్: దిశ సరైనదే, పరిమాణం చాలదు. పావు వంతు గోడలదీ ముప్పావు గాలిదీ అనుకుంటే, ఆ పీక్ క్షణంలో గోళం 45.1 ఉండాలంటే గోడలు 50 దగ్గర ఉండాలి. గాలి గరిష్ఠమే 50. గాలి వేడి చేసే గోడ ఆలస్యంగానూ రావాలి, గాలి అంత ఎత్తుకూ ఊగాలి అంటే కుదరదు. హీటర్ గోడలోనే ఉంటే ఊపు పెద్దదవుతుంది గానీ గోడే గాలి కంటే ముందుంటుంది.

ప్రోబ్ ఎంత లావు? రంధ్రం ఎంత?

గోళం_ప్రశ్న: ప్రోబ్ 6 మి.మీ. స్టీల్ షీత్, రంధ్రం 7. పేస్ట్ పెట్టలేదు.

వేణి_థర్మల్: అరమిల్లీమీటరు గాలి సందు. దాని గుండా వేడి వెళ్లే రేటు, నిలకడగా ఉన్న గాలికి, చదరపు మీటరుకు డిగ్రీకి 54 వాట్ల దగ్గర. దాంతో ప్రోబ్‌కు సొంతంగా 100 సెకన్ల టైమ్ కాన్‌స్టంట్ వస్తుంది. మీకు తగ్గుతున్నది 115. ఇలాంటి చిన్న రెండో ఆలస్యం ఊపును 2 శాతమే కోస్తుంది, కాలాన్ని మాత్రం దాదాపు పూర్తిగా కలుపుతుంది. ఆంప్లిట్యూడ్ సరిపోయి ఆలస్యం తప్పడానికి కారణం అదే.

బయో: బయో సంఖ్య 0.002. గోళమంతా ఒకే ఉష్ణోగ్రతలో ఉందనుకుని లంప్డ్ అనడం తప్పు కాదు.

వేణి_థర్మల్: గోళం లంప్డే. దాన్ని చూస్తున్న ప్రోబ్ ఇంకో లంప్.

తాపమాని: ఇంత రాసి చివరికి ప్రోబ్ అంటారా? నాకు గోళం ఎవరిదో, ప్రోబ్ ఎవరిదో అక్కర్లేదండీ. స్క్రీన్ మీద గీత 700 సెకన్లు వెనక ఉంది. రికార్డును 700 జరిపేస్తే పని అయిపోతుంది. పనిచేసేవాడికి కావలసింది ఆ ఒక్క అంకె. దాన్నే నేను మొదటినుంచీ ఆలస్యం అంటున్నాను.

వేణి_థర్మల్: మన తగాదా ఇక్కడే ఉంది. ఒక్క అంకెతో జరపడం ఈ ఒక్క పీరియడ్‌కే చెల్లుతుంది. రెండు గంటల పీరియడ్ పెడితే గోళం వాటా 785 సెకన్లకు పెరుగుతుంది, ప్రోబ్ వాటా 115 దగ్గరే ఉంటుంది, మొత్తం 900. ఊపు కూడా 7.7 అవుతుంది. మీరు 700 జరిపితే 200 సెకన్లు ఇంకా మిగిలే ఉంటాయి.

తాపమాని: చాంబర్ గంట పీరియడ్‌లోనే నడుస్తుంటే రెండు గంటల గొడవ నాకెందుకు?

నల్లఉక్కు: 6 మి.మీ. షీత్ బయటి కొస గాలిలో ఉంటుంది కదా. కాడ గుండా గాలి వేడి నేరుగా లోపలికి పాకితే ఆలస్యం తగ్గి ఊపు పెరగాలి. అది కూడా కలిస్తే మీ 115 అంత శుభ్రంగా నిలవదు.

వేణి_థర్మల్: నిలవదు, ఒప్పుకోవలసిన మాటే. అందుకే పేస్ట్ నింపి ఇదే గంట పీరియడ్ మళ్లీ నడపమంటున్నాను. పీక్ గాలి గీత మీదికి దిగితే సందుదే తప్పు. దిగకపోతే గోళానికి అల్యూమినియం రేకు చుట్టి గోడల వాటా తగ్గించి చూడాలి. రెండూ ఒకేసారి మార్చవద్దు.

గోళం_ప్రశ్న: ముందు పేస్ట్ పెడతాను. గాలి కొలిచేది 1 మి.మీ. బేర్ థర్మోకపుల్, దాన్ని కదపను.

తాపమాని: అప్పుడు కూడా స్క్రీన్ మీద ఎంత వచ్చిందో ఆ అంకె ఇక్కడ పెట్టండి.