పసుపులో లెడ్ క్రోమేట్: నీళ్ల పరీక్షలో తేడా లేకపోతే తర్వాత ఏం చేయాలి?

రెండు పసుపు పొడులను తెల్ల కాగితంపై పక్కపక్కన పెట్టి తీసిన ఫొటోలో కుడివైపుది బాగా మెరుస్తోంది. ఫోన్ కెమెరా రంగులను తనే సర్దేస్తుంది, మెత్తగా ఆడిన పొడి ఎలాగూ లేతగా కనిపిస్తుంది. అందుకే ఫొటోను నమ్మడం లేదు.

గ్లాసు నీళ్లలో చెంచాడు చొప్పున వేసి 20 నిమిషాలు కదపకుండా ఉంచితే, రెండూ అడుగుకు చేరి పైన లేత పసుపు నీళ్లే మిగిలాయి. ముదురు రంగు దిగలేదు కాబట్టి నీటిలో కరిగే కృత్రిమ రంగు మెటానిల్ ఎల్లో ఎక్కువగా లేదనుకోవచ్చు. కానీ సీసం ఉండే పసుపు రంగు లెడ్ క్రోమేట్ నీటిలో దాదాపు కరగదు, పొడితోపాటే అడుగుకు దిగిపోతుంది. ఆమ్లంతో గులాబీ రంగు చూసే పరీక్ష కూడా మెటానిల్ ఎల్లో కోసమే. పైగా గాఢ ఆమ్లంలో స్వచ్ఛమైన పసుపూ ఎర్రబడుతుంది, నీళ్లు పోస్తేనే ఆ ఎరుపు పోతుంది. ఇంట్లో చేసే పని కాదది.

ల్యాబ్‌లో పనిచేసినవాళ్లు చెప్పండి: సీసం కోసం పొడిని నేరుగా ఎక్స్‌ఆర్‌ఎఫ్‌తో చూస్తే చాలా, ఐసీపీ-ఎంఎస్ అడగాలా? కలిపిన రంగు ఒకచోటే పేరుకుని ఉండొచ్చు కదా, ప్యాకెట్‌లో ఎన్నిచోట్ల నుంచి తీసి కలపాలి?