క్లాట్ లీగల్ రీజనింగ్: అసలు చట్టం తెలిసి ఉండటం లాభమా, నష్టమా?

ఇంటర్ సెకండియర్: మాక్ టెస్టులో ఒక ప్రశ్న. అర్ధరాత్రి ఎవరో ఫ్యాక్టరీ గోడ దూకి వాల్వ్ తిప్పేశారు, గ్యాస్ పక్క కాలనీలోకి పోయింది. తన అదుపులో లేని బయటి మనిషి పనివల్ల జరిగితే యజమానికి బాధ్యత లేదని పాసేజ్‌లో ఉంది. కానీ ఓలియం గ్యాస్ కేసులో సుప్రీంకోర్టు ఆ మినహాయింపు చెల్లదంది కదా! అది తెలిసి ‘బాధ్యుడే’ అని పెడితే తప్పన్నారు, పైగా పావు మార్కు కోశారు. చట్టం తెలిసినవాళ్లకే శిక్షా?

లా నాలుగో ఏడాది: తమ్ముడూ, నువ్వు చెప్పిన చట్టం సరైనదే. ప్రమాదకరమైన వస్తువు తన స్థలం దాటి బయటికి పోయి నష్టం చేస్తే, తప్పు లేకపోయినా యజమానే బాధ్యుడన్నది 1868 నాటి ఇంగ్లండ్ రైలాండ్స్ కేసు సూత్రం. దానికి మినహాయింపులున్నాయి. ప్రమాదకరమైన పరిశ్రమలకు అవి వర్తించవని మన సుప్రీంకోర్టు 1986 డిసెంబరులో తేల్చింది. అయితే ప్రశ్న ‘పాసేజ్ ప్రకారం’ అని కదా అడిగింది? నీకిచ్చిన పాసేజ్‌లో ఆ తీర్పు ఊసే లేకపోతే, ఆ పరీక్షకు సంబంధించినంతవరకు అది లేనట్టే.

ఇలాంటి ప్రశ్నకు ఆప్షన్లు సాధారణంగా ఎలా అల్లుతారో చూడు. ఒకటి: ‘బాధ్యుడే, ప్రమాదకర పరిశ్రమకు మినహాయింపు ఉండదు’. చట్టం చదివినవాళ్లకు వేసిన వల ఇది. రెండోది: ‘బాధ్యుడే, తప్పు లేకపోయినా నష్టం కట్టాలి’. పాసేజ్ మొదటి పేరా చదివి ఆగిపోయినవాళ్లు పడేది ఇక్కడే. మూడోది: ‘బాధ్యుడు కాదు, జాగ్రత్తలన్నీ తీసుకున్నాడు’. ఫలితం కరెక్టే కానీ కారణం తప్పు, ఎందుకంటే ఈ సూత్రంలో జాగ్రత్తతో పనే లేదు. నాలుగోది: ‘బాధ్యుడు కాదు, తన అదుపులో లేని మనిషి చేసిన పని’. జవాబు ఇదే. నేను చూసినంతలో ఎక్కువమంది తప్పు చేసేది మూడోదాని దగ్గర. ఫలితం కలిసింది కదా అని ‘ఎందుకంటే’ తర్వాత ఉన్నది చదవరు.

గుంటూరు కుర్రాడు: అందుకే నేను లా పుస్తకం ముట్టుకోను. పాసేజ్‌లో ఉన్న పదమే ఏ ఆప్షన్‌లో కనిపిస్తే అది పెట్టేస్తా. 2020 నుంచి క్లాట్ అంతా కాంప్రహెన్షనే.

లా నాలుగో ఏడాది: సగం ఒప్పుకుంటా. బయటి చట్టం అక్కర్లేదు, నిజమే. కానీ పదాలు పోల్చుకుంటే సరిపోదు. కథ కొంచెం మార్చి చూడు: వాల్వ్ తిప్పింది డ్యూటీలో ఉన్న ఆ ఫ్యాక్టరీ సెక్యూరిటీ గార్డే. అతను యజమాని కాదు, కాబట్టి ‘మూడో మనిషి’ అనిపిస్తుంది. కానీ పాసేజ్ అన్నది ‘తన అదుపులో లేని’ మనిషి అని. గార్డు యజమాని అదుపులోనే ఉన్నాడు, మినహాయింపు దొరకదు. ఇంకో రకం: గ్యాస్ గోడ దాటలేదు, లోపలున్న కార్మికుడికే దెబ్బ తగిలింది. వస్తువు ‘స్థలం దాటి బయటికి పోతే’ అని సూత్రంలో షరతుంటే అది ఇక్కడ తీరలేదు. అసలు మినహాయింపు దాకా వెళ్లే పనే లేదు. సూత్రాన్ని షరతులుగా విడగొట్టి ఒక్కోటీ ఉందా లేదా అని చూసుకుంటే తప్ప ఇవి దొరకవు.

లాసెట్ అభ్యర్థి: మాకు ఈ గొడవ లేదండీ. లాసెట్‌లో న్యాయశాస్త్రం భాగానికి రాజ్యాంగం, చట్టాలు బాగా చదువుకోవాల్సిందే. ఎవరూ పాసేజ్ ఇచ్చి కాపాడరు. మీరూ బేర్ యాక్టులు బట్టీ కొట్టండి.

ఇంటర్ సెకండియర్: అక్కా, అది వేరే పరీక్ష. నేను అడిగింది క్లాట్ గురించి.

విశాఖ లాయర్: పిల్లాడి బాధలో న్యాయం ఉంది. 2020 మేలో మా ఊళ్లో స్టైరీన్ లీకైనప్పుడు గ్రీన్ ట్రిబ్యునల్ మొదటి ఉత్తర్వులో రైలాండ్స్ తరహా ‘స్ట్రిక్ట్ లయబిలిటీ’ మాటే వాడింది. మినహాయింపులే లేని ‘అబ్సల్యూట్’ అనాలి కదా అని లాయర్లం వాదించుకున్నాం. ఈ రెండింటి తేడాకు అంత విలువున్నప్పుడు, కొట్టేసిన మినహాయింపును ఇంకా అమల్లో ఉన్నట్టు పదిహేడేళ్ల పిల్లలకు చూపించడం నాకు నచ్చదు. పాసేజ్ చివర ‘ఇది ఇంగ్లిష్ చట్టం’ అని ఒక్క ముక్క రాస్తే పోయేదేముంది?

లా నాలుగో ఏడాది: రాస్తే మంచిదే సార్, కాదనను. కానీ రాయకపోయినా ప్రశ్న చెల్లుతుంది. చట్టం చదివే అవకాశం లేని ఊరి పిల్లకూ, కోచింగ్ తీసుకున్న పిల్లకూ ఒకే పాసేజ్ దొరుకుతోంది. ఆ సమానత్వం నాకు ముఖ్యం.

గుంటూరు కుర్రాడు: అన్నా, నాదొక డౌటు. గోడ దూకినవాడు బయటివాడే, కానీ వాల్వ్‌కు తాళం వేయలేదని ప్రశ్నలో ఉంటే? జాగ్రత్తతో పని లేదన్నారుగా.

లా నాలుగో ఏడాది: పాసేజ్ తాళం గురించి, ముందే ఊహించగలగడం గురించి ఏమీ అనకపోతే, నేను ‘బాధ్యుడు కాదు’ అనే పెడతా.

విశాఖ లాయర్: నేను పెట్టను. తాళం లేని వాల్వ్ దగ్గరికి ఎవడైనా రాగలడంటే అది యజమాని అదుపులోని విషయమే. పాసేజ్‌లోని ‘అదుపు’ అన్న మాటతోనే నేను వాదిస్తాను, బయటి చట్టం ఒక్క ముక్క తేకుండా.

లా నాలుగో ఏడాది: సార్, అక్కడ ‘అదుపు’ మనిషి గురించి అన్నది, వాల్వ్ గురించి కాదు. ఆప్షన్లు చూడకుండా దీన్ని ఇంతకంటే తేల్చలేం.