అప్‌డేట్: వేతన చర్చల మినిట్స్ సంగతి

నా ప్రశ్న: ఎవరు ఎంత అడిగారో, ఎక్కడ తగ్గారో బయటపడకుండా వేతన చర్చల మినిట్స్ రాయడం ఎలా?

మీ సలహా మేరకు తిరగరాశాను. మొదటి ప్రతిలో "యూనియన్ 3,000 అడగగా యాజమాన్యం 1,200 అన్నది, చివరికి 2,000కు ఒప్పుకున్నారు" అని ఉంది. ఇప్పుడు ఒకటే వాక్యం: "ఏప్రిల్ 1 నుంచి పర్మనెంట్ కార్మికులందరికీ మూలవేతనం నెలకు రూ.2,000 పెరుగుతుంది, బకాయిలు జూన్ జీతంతో చెల్లిస్తారు."

అంకెలు తీసేయడం సులువే. పట్టించేవి "చివరికి", "సవరించిన", "తగ్గించి" లాంటి మాటలు, అవీ కొట్టేశాను. తేలని క్యాంటీన్ విషయం దగ్గర "యాజమాన్యం నిరాకరించింది" అని రాయబోయి, "ఒప్పందం కుదరలేదు, 18న మళ్లీ చర్చ" అన్నాను. ఇరుపక్షాలూ అక్కడే సంతకాలు చేశాయి. బేరసారాల లెక్కలన్నీ నా సొంత నోటుపుస్తకంలోనే ఉన్నాయి, మినిట్స్‌కు జత చేయలేదు.