పీఎస్4 సేవ్‌లు పెన్‌డ్రైవ్‌లో తెస్తే పీఎస్5 వెర్షన్‌కి అందుతాయా?

పీఎస్4 నుంచి పీఎస్5కి మారుతున్నాను. గేమ్‌లన్నీ ఎక్స్‌టర్నల్ హార్డ్‌డిస్క్‌లోనే ఉన్నాయి, దాన్ని కొత్తదానికి తగిలిస్తే పీఎస్4 గేమ్‌లు నేరుగా ఆడతాయి కాబట్టి ఆ దిగులు లేదు. నా బెంగంతా సేవ్‌ల గురించే. అవి ఆ డిస్క్‌లోకి వెళ్లవు, కన్సోల్ లోపలే ఉంటాయి. ప్లస్ సబ్‌స్క్రిప్షన్ లేదు, అంటే క్లౌడ్ కూడా లేదు. అందుకే ఎక్స్‌ఫ్యాట్‌లో ఫార్మాట్ చేసిన వేరే పెన్‌డ్రైవ్‌లోకి కాపీ చేస్తున్నాను.

ఘోస్ట్ ఆఫ్ సుషిమా డైరెక్టర్స్ కట్‌లో సగానికి పైగా ఆడేశాను, మళ్లీ మొదటినుంచి ఆడే ఓపిక లేదు. పీఎస్5 వెర్షన్ పాత సేవ్‌ని దానంతటదే తీసుకోదు, మెయిన్ మెనూలో పీఎస్4 సేవ్‌ని మార్చుకునే ఆప్షన్ నొక్కాలి. పెన్‌డ్రైవ్ నుంచి పీఎస్5లోకి కాపీ చేసిన సేవ్ ఆ ఆప్షన్‌కి కనబడుతుందా? లేక పీఎస్4 వెర్షన్ కూడా ఇన్‌స్టాల్ అయ్యుండాలా? ఇలా చేసినవాళ్లు ఎవరైనా చెప్పండి, పాతది అమ్మేలోపు తేల్చుకోవాలి.