గిత్త బొమ్మకి మూపురం నడుం మధ్యలో పెట్టిన పిల్లవాడికి ఏం చెప్పాలి?

టంగుటూరు సోషల్ సార్:
మా బళ్ళో డ్రాయింగ్ మాస్టారు లేరు, ఆ పీరియడ్ నాకు అంటగట్టారు. ఏడో తరగతి పిల్లవాడొకడు ఒంగోలు గిత్తని గీశాడు. మెడలో గంటలు, ముకుతాడు, కొమ్ములకి కట్టిన కుచ్చులు అన్నీ చక్కగా ఉన్నాయి, మూపురం మాత్రం వీపు మధ్యలో ఉంది. పక్క బెంచీ వాళ్ళు ఒంటె ఒంటె అని నవ్వారు. అప్పట్నుంచి వాడు గీసేటప్పుడు చెయ్యి అడ్డం పెట్టుకుంటున్నాడు, పిలిస్తే నాకు రాదు సార్ అంటాడు. తప్పుందని నాకూ కనపడుతోంది, వాడికీ తెలుసు. వాడు ముడుచుకుపోకుండా చెప్పడం ఎలా? పుస్తకంలో రాయడానికీ నోటితో అనడానికీ పనికొచ్చే మాటలుంటే ఇవ్వండి.

కావలి టీచరమ్మ:
నేనైతే ఏది గీసినా సూపర్ అని రాసి స్టార్ పెడతానండి. పిల్లలు సంతోషంగా ఉంటారు, మళ్ళీ గీస్తారు. తప్పులు పెద్దయ్యాక వాటంతట అవే పోతాయి.

దర్శి డ్రాయింగ్ మాస్టారు (రిటైర్డ్):
మేడమ్, ఒకటో రెండో తరగతికి మీరన్నది చాలావరకు సరే. పదకొండు పన్నెండేళ్ళు వచ్చేసరికి తన బొమ్మకీ అసలు గిత్తకీ తేడా పిల్లవాడికే కనపడుతుంది. అప్పుడు సూపర్ అంటే సార్ సరిగ్గా చూడలేదనో, జాలిపడి అంటున్నారనో అనుకుంటాడు. పొగడొద్దని కాదు నా మాట, ఏది బాగుందో పేరుపెట్టి చెప్పాలి.

టంగుటూరు సార్, ఆ మూపురం అక్కడికెందుకు పోయిందో ముందు చూడండి. చాలామంది పిల్లలు మూతి దగ్గర మొదలుపెట్టి, పెన్సిల్ ఎత్తకుండా వీపు మీదుగా తోకదాకా ఒకే గీత గట్టిగా లాగుతారు. కాళ్ళు ఆఖర్న తగిలిస్తారు. గీత లాగేటప్పుడు ముందుకాలు ఎక్కడొస్తుందో ఇంకా తెలీదు కాబట్టి, వీపు మీద ఎక్కడ చోటుంటే అక్కడ మూపురం పెట్టేస్తారు. గిత్తకి మూపురం భుజాల మీద, ముందుకాళ్ళకి సరిగ్గా పైన ఉంటుంది. అంటే వాడికి గిత్త తెలియక కాదు, గీసే వరస వల్ల వచ్చిన తప్పు. కాబట్టి మీ మాట కూడా ఆ వరస మీదే ఉండాలి, వాడి చేతి మీద కాదు.

నేనైతే వాణ్ణి ఒక్కణ్ణే పిలిచి ఇలా మాట్లాడతాను:

"కుచ్చులు ఒక్కో పోగూ విడిగా వేశావే, ఎక్కడ చూశావురా ఈ గిత్తని?" అని ఆగాలి. వాడు చెప్పేది వినాలి. బండలాగుడు పోటీల్లో చూశానంటాడో, మా తాత దగ్గరుందంటాడో, అక్కడ వాడి నోరు తెరుచుకుంటుంది.

తర్వాత గిత్త ఫొటో ఒకటి పక్కన పెట్టి, "ముందుకాలి మీద పెన్సిల్ నిలువుగా ఆనించు, పైకి పోతే ఏం తగులుతుంది?" అనండి. మూపురం తగులుతుంది. "ఇప్పుడు నీ బొమ్మలో అలాగే ఆనించి చూడు." అంతే, తప్పని మీరు అనక్కర్లేదు, వాడే అంటాడు.

పుస్తకంలో రాసేదైతే: "గంటలు, కుచ్చులు చూస్తే పోటీకి సిద్ధమైన గిత్త అని తెలిసిపోతోంది. ఈసారి గిత్తని గీసేటప్పుడు ముందు కాళ్ళూ వీపూ లేతగా పెట్టుకుని, ముందుకాలికి నేరుగా పైన మూపురం వెయ్యి." ఇంతకంటే వద్దు. గంగడోలు చిన్నదైంది, చెవులు నిక్కాయి అని అన్నీ ఒకేసారి రాస్తే వాడికి ఒక్కటీ గుర్తుండదు, నాకు ఏదీ రాదన్నదే గుర్తుంటుంది.

ఇంకోటి, "బాగుంది కానీ" అని మొదలుపెట్టకండి. కానీ తర్వాత వచ్చేదే పిల్లలు వింటారు.

నెల్లూరు అమ్మ:
మా పాపకి నాలుగేళ్ళు, రంగులు గీత దాటి వేస్తోంది. ట్యూషన్ టీచర్ చెయ్యి పట్టుకుని దిద్దిస్తోంది. ఏ కంపెనీ క్రేయాన్లు కొంటే గీత దాటకుండా వస్తాయి?

దర్శి డ్రాయింగ్ మాస్టారు (రిటైర్డ్):
అమ్మా, నాలుగేళ్ళకి గీత దాటడం తప్పే కాదు, కంపెనీతో పనిలేదు. లావుపాటివి కొనండి, పట్టుకోడానికి తేలిక. చెయ్యి పట్టుకుని దిద్దించడం మాత్రం ఆపించండి.

బుచ్చి కుర్రోడు:
నేను డ్రాయింగ్ లోయర్ గ్రేడ్ పాసయ్యాను. మా మాస్టారు మా షీటు మీదే ఎర్ర పెన్నుతో గీసి చూపించేవారు, దానివల్లే గీత కుదిరింది. ఇంత సుతారంగా చెప్తే పరీక్షలో ఎవడు ఊరుకుంటాడు? మీ వాడికి నేరుగా మూపురం తప్పు, మార్చు అంటే పోదా?

దర్శి డ్రాయింగ్ మాస్టారు (రిటైర్డ్):
నువ్వు పరీక్షకని నీ అంతట నువ్వు పోయావబ్బయా, నీకు దిద్దడం కావాలి. ఈ పిల్లవాడు చెయ్యి అడ్డం పెట్టుకుంటున్నాడు, తేడా అక్కడుంది. నేరుగా చెప్పడం నాకూ ఇష్టమే, "మూపురం ముందుకు రావాలి" అనడంలో తప్పేం లేదు. "నీకు గిత్త గీయడం రాదు" అంటేనే పాడవుతుంది. షీటు మీద గీయడం మాత్రం నేను ఒప్పుకోను. సార్ గీసిన నాలుగు గీతలు కుదురుగా ఉంటాయి, పక్కన తనవి ఇంకా వంకరగా కనపడతాయి, ఇంటికెళ్ళాక ఇది నా బొమ్మ అని చూపించుకోలేడు. చూపించాలంటే చిత్తుకాగితం మీద గీసి చూపించి, ఆ కాగితం తీసేసుకోవాలి, లేకపోతే దాన్ని చూసి దించేస్తాడు.

బుచ్చి కుర్రోడు:
షీటు విషయం ఒప్పుకోను మాస్టారూ, నాకు పనికొచ్చింది. చిత్తుకాగితం మాట సరే.

టంగుటూరు సోషల్ సార్:
మాస్టారూ, పెన్సిల్ ఆనించే పని ఇవాళ చేయించాను. పోటీ చూశావా అనగానే వాళ్ళ మామ ఎడ్ల గురించి పీరియడ్ అంతా చెప్పేట్టున్నాడు. తర్వాత ఫొటో మీద పెన్సిల్ పెట్టి, "సార్, ఇది ముందుకి రావాలి" అని వాడే అన్నాడు. చిక్కేంటంటే అదే బొమ్మ చెరిపి మారుస్తానన్నాడు, గట్టిగా నొక్కి గీయడంతో గాడి పడిపోయింది, చెరిపితే కాగితం పొర లేచింది. మొహం మాడ్చుకున్నాడు.

దర్శి డ్రాయింగ్ మాస్టారు (రిటైర్డ్):
పూర్తయిన బొమ్మని దిద్దనివ్వకూడదు సార్. "ఇది ఇలాగే దాచుకో, కొత్త కాగితం మీద ఇంకోటి వెయ్యి, రెండూ పక్కపక్కన పెట్టి చూద్దాం" అనండి. దిద్దే మాట ఏదైనా సగంలో ఉన్నప్పుడే చెప్పాలి, గీతలు ఇంకా లేతగా ఉంటాయి. క్లాసు మొదలైన పది నిమిషాలకి ఓసారి బెంచీల మధ్య తిరిగితే చాలు. హెచ్‌బీ బదులు 2బీ పెన్సిలిస్తే నొక్కకుండానే నల్లగా పడుతుంది, గాడి తగ్గుతుంది.

ఇంక "నాకు రాదు" అన్నప్పుడు, "నీకెందుకు రాదు, వస్తుంది" అనకండి, వాదన అవుతుంది. "ఏ ముక్క రావట్లేదు, వేలు పెట్టి చూపించు" అనండి. డెక్కలనో, మూతి అనో చూపిస్తాడు. అప్పుడది చిన్న పని.

కావలి టీచరమ్మ:
మరి నవ్విన పిల్లల సంగతి? మా దగ్గరా ఇదే గోల. తిడితే ఆ పిల్లవాడి పేరే మళ్ళీ మోగుతుంది.

టంగుటూరు సోషల్ సార్:
అదే నాకూ తేలట్లేదు మేడమ్. ఒకరి బొమ్మ గురించి ఒకరు మాట్లాడాలంటే ముందు "నాకు కనపడింది..." అని ఒక వాక్యం చెప్పాలని పెట్టాను, ఒకడు లేచి "నాకు ఒంటె కనపడింది" అన్నాడు.

దర్శి డ్రాయింగ్ మాస్టారు (రిటైర్డ్):
హహ్హ, వాడు తెలివైనవాడే. వాడికీ ఓ కాగితమిచ్చి గిత్త గీయమనండి. నవ్విన వాళ్ళంతా గీస్తే సగం మూపురాలు వీపు మధ్యలోనే ఉంటాయి. పేర్లు కనపడకుండా బల్ల మీద పరిచి, పెన్సిల్ ఆనించే పని క్లాసు మొత్తానికి చేయించండి.

కావలి టీచరమ్మ:
మార్కులో? మా హెచ్‌ఎం రికార్డు అడుగుతారు.

దర్శి డ్రాయింగ్ మాస్టారు (రిటైర్డ్):
మార్కు మీ రిజిస్టర్‌లో వేసుకోండి మేడమ్. మాట రాసిన చోటే మార్కూ ఉంటే పిల్లలు మార్కు చూసి పుస్తకం మూసేస్తారు. మాట బొమ్మ వెనకవైపు పెన్సిల్‌తో రాయండి, పెన్ను వద్దు, పల్చటి కాగితమైతే సిరా ముందుకి దిగుతుంది.